పాలు పొంగకముందే మంట తగ్గించడం: పిల్లల మీద కోపానికి ఏ సామెత ఎప్పుడు పనికొస్తుంది?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. బాబు మూడో తరగతి, పాప యూకేజీ. మావారు వేరే ఊళ్లో ఉద్యోగం, శనివారం రాత్రి వస్తారు. నేను ఆఫీసు నుంచి ఆరున్నరకు ఇంటికి చేరతాను. ఏడు నుంచి తొమ్మిది దాకా ఇంట్లో అరుపులే. మొన్న 8వ ఎక్కం నాలుగోసారి తప్పు చెప్పాడని బాబును స్కేలుతో కొట్టాను. చేతి మీద వాత తేలింది. వాడు నిద్రపోయాక ఏడ్చాను, పొద్దున్నే చాక్లెట్ కొనిచ్చాను. ఇలా జరగడం మొదటిసారి కాదు. ఈమధ్య వాడు స్కూలు డైరీ దాచేస్తున్నాడు. మా అత్తగారు ‘తన కోపమె తన శత్రువు’ అని పద్యం చదువుతారు, అది వింటే నాకు ఇంకా ఒళ్లు మండుతుంది. మా నాన్న ‘దండం దశగుణం భవేత్’ అంటారు. మావారు పది అంకెలు లెక్కపెట్టమంటారు. లెక్కపెట్టాను, పది అయ్యాక కొట్టాను. అసలు ఈ సామెతలు దేనికైనా పనికొస్తాయా? వస్తే నేను దేన్ని పట్టుకోవాలి? (పేరు వద్దు, హనుమకొండ)

సమాధానం: పనికొస్తాయమ్మా. కాకపోతే కోపం గురించిన మాటలన్నీ ఒకే గడియకు చెప్పినవి కావు. కొన్ని కోపం రాకముందు తలుచుకోవాల్సినవి, కొన్ని వస్తున్నప్పుడు, కొన్ని చల్లారాక. మీ ఇంట్లో అవి వేళ తప్పి వినబడుతున్నాయి. ‘తన కోపమె తన శత్రువు, తన శాంతమె తనకు రక్ష, దయ చుట్టంబౌ’ అన్న సుమతీ పద్యం మనసు నెమ్మదిగా ఉన్నప్పుడు చదువుకుని లోపల నిలుపుకోవాల్సింది. స్కేలు పట్టుకుని నిలబడిన మనిషికి, అదీ పిల్లల ముందు, పక్కనుంచి వినిపిస్తే ఎత్తిపొడుపులాగే ఉంటుంది. మీకు ఒళ్లు మండడంలో వింత లేదు. అత్తగారితో ఆదివారం మధ్యాహ్నం లాంటి తీరిక వేళ ఒక ఒప్పందం చేసుకోండి. మీ గొంతు పెరగడం వినగానే ఆవిడ పద్యం చదవకుండా, వచ్చి బాబు పక్కన కూర్చోవాలి. మాట అవసరమైతే ‘పాలు’ అని ఒక్క మాట అనాలి. పాలే ఎందుకో కింద చెబుతాను.

ముందు మీ నాన్నగారి మాట సంగతి తేల్చుకోవాలి. మీ చేతికి స్కేలు అందించేది అదే. ‘దండం దశగుణం భవేత్’ అన్నది ఒక శ్లోకంలో చివరి ముక్క. దాని పూర్తి రూపం ఇది: ‘విశ్వామిత్రాహి పశుషు కర్దమేషు జలేషు చ, అంధే తమసి వార్ధక్యే దండం దశగుణం భవేత్’. మొదట విశ్వామిత్రుడి పేరులా కనిపిస్తుంది గానీ అక్కడ ఋషి లేడు. పక్షి, కుక్క, శత్రువు, పాము, పశువు, బురద, నీళ్లు, గుడ్డితనం, చీకటి, ముసలితనం, ఈ పది చోట్ల చేతికర్ర ఉపయోగపడుతుందని దాని అర్థం. పక్షులను తోలడానికి, కుక్కను అదిలించడానికి, నీటి లోతు చూడడానికి, చీకట్లో తడుముకుంటూ నడవడానికి కర్ర కావాలి. ఆ పదింటిలో పిల్లలు లేరు. నడవడానికి ఆసరా అయ్యే కర్రను గురించిన శ్లోకం చివరి మూడు మాటలు తెగి, పిల్లలను కొట్టడానికి ఒప్పుదలగా మన ఇళ్లలో తిరుగుతోంది. మీ నాన్నగారితో వాదన పెట్టుకోకండి. శ్లోకం మొత్తం చదివి వినిపించండి, పెద్దవాళ్లకు పూర్తి పాఠం మీద గౌరవం ఉంటుంది.

దెబ్బ పనిచేస్తున్నట్టు ఎందుకు అనిపిస్తుందో కూడా చూడాలి. కొట్టగానే పిల్లాడు నిశ్శబ్దమవుతాడు, పుస్తకం వైపు చూస్తాడు. మీకు ఆ క్షణంలో ఫలితం కనబడుతుంది. కానీ భయపడిన పిల్లాడికి వచ్చిన ఎక్కం కూడా నోటికి రాదు. 8 × 7 దగ్గర ఒకసారి తడబడిన వాడు స్కేలు చూశాక 8 × 4 దగ్గర కూడా ఆగిపోతాడు. మీకు అది మొండితనంలా కనబడి ఇంకో దెబ్బ పడుతుంది. డైరీ దాచడం దీని కొనసాగింపే. తప్పు బయటపడితే దెబ్బ పడుతుందని తెలిసినవాడు తప్పు మానడు, బయటపడకుండా చూసుకుంటాడు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో పిల్లలను కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. బడిలో వాడి మీద పడకూడదని చట్టం చెప్పిన స్కేలు ఇంట్లో పడుతోందని మీకూ తెలుసు, అందుకే ఏడ్చారు.

ఇక పది అంకెల సంగతి, పాల సంగతి కలిపి చెప్పాలి. ‘ఆమె కోపం పాలపొంగు లాంటిది’ అంటాం మనం. చప్పున వచ్చి చప్పున పోతుంది, మనసులో ఏమీ ఉండదు అని మెచ్చుకోలుగా, కొంచెం వెనకేసుకొస్తూ అంటాం. నా దృష్టిలో ఈ సామెతలో అసలు పనికొచ్చే భాగం అది కాదు. పాలు కాచే ఎవరికైనా తెలుసు, అవి చెప్పకుండా పొంగవు. ముందు గిన్నె అంచున చిన్న బుడగలు వస్తాయి, తర్వాత మీగడ తొరక ఉబ్బుతుంది, ఆ తర్వాతే పైకి లేస్తాయి. లేచినప్పుడు చుక్క నీళ్లు చల్లితే దిగుతాయి. కింద మంట అలాగే ఉంటే మళ్లీ లేస్తాయి. మీరు లెక్కపెట్టిన పది అంకెలు ఆ చుక్క నీళ్లే. బాబు ఎదురుగా, అదే కుర్చీలో, స్కేలు చేతిలోనే పెట్టుకుని, వాడి ముఖం చూస్తూ లెక్కపెట్టారు కాబట్టి మంట తగ్గలేదు. లెక్క అయిపోయింది, పొంగు మిగిలింది.

కాబట్టి రెండు పనులు నేర్చుకోవాలి. మొదటిది, మీ అంచు బుడగలు ఏవో గుర్తుపట్టడం. నాలుగో తప్పు దగ్గర దెబ్బ పడిందంటే రెండో తప్పు దగ్గరే మీ ఒంట్లో ఏదో మొదలై ఉంటుంది. కొందరికి పళ్లు బిగుసుకుంటాయి, కొందరికి చెవులు వేడెక్కుతాయి, కొందరు చిన్నా అని పిలిచే పిల్లాడిని పూర్తి పేరు పెట్టి పిలవడం మొదలుపెడతారు. ‘ఎన్నిసార్లు చెప్పాలి’ అన్న మాట నోటి నుంచి వచ్చిందంటే చాలామంది తల్లులకు తొరక ఉబ్బినట్టే. మీది ఏదో మీరే కనిపెట్టాలి, లేకపోతే అత్తగారిని అడగండి. పక్కనుండే వాళ్లకు మనకన్నా ముందు కనబడుతుంది. ఆవిడ ‘పాలు’ అనాల్సింది ఆ గుర్తు కనబడినప్పుడు, అరుపులు మొదలయ్యాక కాదు.

రెండోది మంట తగ్గించడం, అంటే అక్కడి నుంచి కదలడం. ముందు స్కేలు కింద పెట్టండి. ఖాళీ చేతులతో లేవండి. లేచే ముందు బాబుతో ఇలాంటి మాట ఒకటి చెప్పాలి: ‘నాకు కోపం వస్తోంది నాన్నా. వంటింట్లోకి వెళ్లి వస్తాను. నీ మీద అలిగి పోవట్లేదు. వచ్చాక ఏం చేయాలో చూద్దాం.’ ఈ మాట చెప్పకుండా తలుపు దడాలున వేసి వెళ్తే పిల్లాడికి అదీ ఒక శిక్షే అవుతుంది, వాడు వెనకాలే ఏడుస్తూ వస్తాడు, మీరు వెళ్లిన ప్రయోజనం పోతుంది. వంటింట్లో ముఖం మీద చన్నీళ్లు కొట్టుకోండి. కూర్చుని, నాలుగు లెక్కపెట్టేంతసేపు ఊపిరి పీల్చి, ఆరు నుంచి ఎనిమిది లెక్కపెట్టేంతసేపు నిదానంగా వదలండి. పదిసార్లు చేస్తే రెండు నిమిషాలు పడుతుంది. పీల్చడం కన్నా వదలడం ఎక్కువసేపు ఉండాలి, గుండె వేగం తగ్గేది వదిలేటప్పుడే. అంకెలు ఇక్కడ పనికొస్తాయి, మీవారు చెప్పిందే అనుకుని లెక్కపెట్టండి.

ఇక్కడ ఎక్కువమంది దెబ్బతినే చోటు ఒకటుంది. ఒళ్లు వంటింట్లో ఉంటుంది, మనసు మాత్రం ‘రోజూ ఇంతే వీడు, నేనొక్కదాన్నే చావాలి’ అని వాదన నడుపుతూనే ఉంటుంది. అది మంటను మళ్లీ పెంచడమే. పది నిమిషాల తర్వాత వెళ్లేముందు కన్నా ఎక్కువ కోపంతో తిరిగొస్తారు. అందుకని చేతులకు ఒక పని ఇవ్వండి. చిక్కుడుకాయలకు ఈనెలు తీయడం, వెల్లుల్లి పొట్టు తీయడం, ఆరిన బట్టలు మడతపెట్టడం లాంటివి మంచివి. కత్తిపీట, కాగే నూనె ఉన్న పనులు ఆ సమయంలో వద్దు. ఫోనూ వద్దు. పాపను అత్తగారి దగ్గర వదిలి వెళ్లండి. ఇంట్లో పెద్దవాళ్లెవరూ లేని రోజున గది దాటకుండా, పిల్లలు కనబడేలా గుమ్మం దగ్గరే కూర్చోండి.

ఎంతసేపు? దీనికీ ఒక పాత మాట ఉంది. ‘ఉత్తమే తు క్షణం కోపో, మధ్యమే ఘటికాద్వయం’ అంటారు. ఉత్తముల కోపం క్షణం, మధ్యముల కోపం రెండు ఘడియలు, అధముల కోపం ఒక పగలూ రాత్రీ ఉంటుందని ఆ శ్లోకం. మనుషులకు మార్కులు వేయడానికి చెప్పినట్టున్నా, దీన్ని గడియారంలా వాడుకోవచ్చు. ఘడియ అంటే 24 నిమిషాలు, రెండు ఘడియలంటే 48. బాగా కోపం వచ్చాక గుండె వేగం, కండరాల బిగువు మామూలుకు రావడానికి 20 నిమిషాలైనా పడుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువే. క్షణంలో చల్లారలేదని మిమ్మల్ని మీరు తిట్టుకోనక్కర్లేదు. రెండు ఘడియలు కోపాన్ని నోటితో, చేతితో బయటపెట్టకుండా ఉంటే చాలు. చల్లారారో లేదో తెలుసుకోవడానికి తేలిక పరీక్ష: జరిగింది ఒక్క వాక్యంలో చెప్పుకోండి, ‘ఎప్పుడూ’, ‘ఎన్నిసార్లు’, ‘కావాలనే’ అన్న మాటలు లేకుండా. ‘8 × 7 దగ్గర నాలుగుసార్లు తప్పు చెప్పాడు’ అని చెప్పుకోగలిగితే చల్లారినట్టే. ‘ఎప్పుడూ ఇంతే, కావాలనే చేస్తాడు’ అని వస్తుంటే ఇంకో పది నిమిషాలు ఈనెలు తీయండి.

శాంతిపర్వంలో చిరకారి కథ ఉంది. గౌతముడు భార్య మీద కోపంతో తల్లిని చంపమని కొడుకుకు చెప్పి అడవికి వెళ్లిపోతాడు. ఏ పనైనా ఆలోచించి ఆలోచించి ఆలస్యంగా చేసే ఆ కొడుకు చేయాలా వద్దా అని తర్కించుకుంటూ ఉండిపోతాడు. ఈలోగా తండ్రి కోపం చల్లారి, ఎంత పని చేశానని ఏడుస్తూ తిరిగొస్తాడు. భార్య బతికే ఉంటుంది. కోపంలో పుట్టిన పనిని ఆలస్యం చేసినవాణ్ణి అక్కడ మెచ్చుకున్నారు. మీ ఇంట్లో మీ తరఫున ఆలస్యం చేసేవాళ్లు వేరే లేరు కాబట్టి ఆ నియమం మీరే పెట్టుకోవాలి. శిక్ష ఏదైనా సరే, టీవీ బంద్ అయినా, ఆట బంద్ అయినా, ఆ రాత్రి చెప్పకూడదు. మర్నాడు సాయంత్రం చెప్పాలి. చాలా శిక్షలు అప్పటికి అక్కర్లేదనిపిస్తాయి.

మరి ఆ రాత్రి ఎక్కం సంగతేంటి? మూడు దారులున్నాయి, దేని ఖరీదు దానికుంది. ఆపేసి, ‘ఈ రోజు 8వ ఎక్కం 8 × 6 దాకా వచ్చింది, మిగతాది రేపు’ అని డైరీలో మీరే రాసి సంతకం పెట్టొచ్చు. టీచర్ ఒక మాట అనొచ్చు, కానీ డైరీ అంటే బాబుకు ఉన్న భయం తగ్గుతుంది. లేదంటే అన్నం తిన్నాక పది నిమిషాలు, గడియారం పెట్టుకుని, రాని ఒక్క వరుస మీదే కూర్చోవచ్చు. తొమ్మిది దాటితే మాత్రం ఇది పనిచేయదు, నిద్రమత్తులో తప్పులు పెరిగి కథ మళ్లీ మొదటికొస్తుంది. ఇంకోటి, ఎక్కాలు అత్తగారికి అప్పగించడం. పాతతరం వాళ్లు ఎక్కాలను రాగంగా వల్లె వేయించగలరు. బడిలో చెప్పే పద్ధతికి కొంచెం తేడా ఉండొచ్చు, ఆవిడ దగ్గర వాడు గారాలు పోవచ్చు. మీ పరిస్థితికి నేను మొదటిదాన్నే ముందు ప్రయత్నించమంటాను, దానికి ఎవరి సహాయమూ అక్కర్లేదు కాబట్టి.

ఇప్పటిదాకా చెప్పింది పొంగే వేళ సంగతి. పొయ్యి వెలిగింది ఎక్కడ అన్నది మిగిలింది. ‘అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు’ అన్న సామెత మీకు చేదుగా తగలొచ్చు, ఇంట్లో అత్తగారు ఉన్నారు కాబట్టి. ఆవిడను గురించి చెప్పట్లేదు. మీ కోపం మొత్తం 8వ ఎక్కానిది కాదేమో చూసుకోమంటున్నాను. ఒక వారం చిన్న పుస్తకంలో, కోపం వచ్చిన ప్రతిసారీ నాలుగు సంగతులు రాయండి: టైమెంత, చివరిసారి ఏం తిని ఎంతసేపైంది, దానికి ముందు గంటలో ఏం జరిగింది, పిల్లాడు చేసిందేమిటి. మధ్యాహ్నం ఒంటిగంటకు తిన్న మనిషి ఏడుంబావుకు ఎక్కం అప్పజెప్పించుకుంటోందంటే ఆరు గంటల ఆకలి మీద కూర్చుంది. ఆఫీసులో మాట పడిన రోజులు, మీవారి ఫోన్ రాని రోజులు, నెలసరికి ముందు రోజులు ఆ పుస్తకంలో ఒకదగ్గరికి చేరతాయి.

ఉదాహరణకు సోమ, మంగళ, గురువారాల్లో ఏడుంబావుకే గొడవ మొదలైందని, మూడు రోజులూ ఇంటికి రాగానే బ్యాగు కూడా దించకుండా డైరీ అడిగారని తేలిందనుకోండి. అప్పుడు మార్చాల్సింది బాబును కాదు, ఆ ముప్పావుగంటను. రాగానే ఏదైనా తినండి, అరటిపండు, గుప్పెడు పల్లీలు, మజ్జిగ, ఇంట్లో ఉన్నది. ఇరవై నిమిషాలు ఎవరి పుస్తకమూ తెరవకండి. ఎక్కాన్ని సాయంత్రం నుంచి తీసి పొద్దున స్కూలు బస్సు కోసం నిలబడే పది నిమిషాల్లోకి మార్చండి. దీనివల్ల వంట ఇరవై నిమిషాలు వెనక్కి పోతుంది, నిజమే. పప్పు కుక్కర్‌లో పెట్టే పని అత్తగారిని అడగడమో, రెండు రోజులు పొద్దుటి కూరే రాత్రికి ఉంచడమో చూసుకోవాలి. మీవారు ఫోన్‌లో సలహా ఇచ్చే బదులు ఏడున్నరకు పదిహేను నిమిషాలు వీడియో కాల్‌లో పాప చేత అక్షరాలు చదివించవచ్చు. ఆ పావుగంట మీకు ఒక్క పిల్లాడే మిగులుతాడు.

చాక్లెట్ గురించి కటువుగానే చెప్పాలి. ‘తొడపాశం పెట్టి ఉయ్యాల ఊపినట్టు’ అంటారే, అది ఇదే. మీది నటన కాదు, ప్రేమతోనే కొన్నారు. కానీ జరిగినదాని గురించి ఒక్క మాటా లేకుండా చాక్లెట్ చేతిలో పెడితే పిల్లాడికి దెబ్బ ఎందుకు పడిందో తెలియదు, తీపి ఎందుకు వచ్చిందో తెలియదు. రాత్రి అమ్మ ఒకరు, పొద్దుటి అమ్మ ఇంకొకరు అవుతారు. చాక్లెట్ బదులు మాట కావాలి. వీలైతే అదే రాత్రి వాడు నిద్రపోకముందు, లేదంటే పొద్దున, వాడి ఎత్తుకు కూర్చుని చెప్పండి: ‘నిన్న నిన్ను స్కేలుతో కొట్టాను. అలా కొట్టకూడదు. ఎక్కం రాకపోతే మళ్లీ నేర్చుకుంటాం, దానికి దెబ్బ ఉండదు. కోపం నాది, దాన్ని నేను చూసుకోవాలి. ఇకమీద కోపం వస్తే వంటింట్లోకి వెళ్తాను.’ అంతే. ‘కానీ నువ్వు కూడా’ అని మొదలుపెట్టకండి, ఆ ఒక్క మాటతో మిగతావన్నీ కొట్టుకుపోతాయి. వాడి ముందు ఏడవకండి, ఏడిస్తే మిమ్మల్ని ఓదార్చే పని వాడి మీద పడుతుంది. ‘అమ్మను క్షమించావా’ అని అడగకండి. వాడు ఏమీ అనకుండా లేచిపోయినా సరే. ఇలా చెప్పాక వారంలో నాలుగుసార్లు మళ్లీ దెబ్బ పడితే ఈ మాటలకూ చాక్లెట్ గతే పడుతుంది. కాబట్టి మాటతోపాటు వాడికి కనబడే మార్పు ఒకటైనా ఉండాలి. ఆ పెద్ద స్కేలును ఇంట్లోంచి తీసేయడం అందుకు మంచిది. బడికి 15 సెంటీమీటర్ల ప్లాస్టిక్ స్కేలు వాడి పెట్టెలో చాలు.

‘కోపంలో కోసుకున్న ముక్కు శాంతంలో అంటుకోదు’ అన్న సామెతను మీరు తలుచుకుని భయపడుతుంటే, అది పిల్లల విషయంలో పూర్తిగా నిజం కాదని నా నమ్మకం. అరిచిన రోజులు ఉన్నా, ఆ తర్వాత తప్పు ఒప్పుకుని పద్ధతి మార్చుకున్న తల్లికి పిల్లలు మళ్లీ దగ్గరవుతారు. ఆ సామెత నిజమయ్యేది కొన్ని మాటల విషయంలో. ‘నువ్వు పుట్టకపోయినా బాగుండేది’, ‘నీకన్నా పాపే నయం’ లాంటివి పెద్దయ్యాక కూడా గుర్తుంటాయి. ఎంత కోపంలోనైనా అనకూడని మాటలు రెండో మూడో ఇప్పుడే, ప్రశాంతంగా ఉన్నప్పుడు, రాసి పెట్టుకోండి. పొంగే వేళ ఆలోచించి ఆపడం కుదరదు, ముందే నిషేధించుకున్న మాట దగ్గర నోరు కొంచెమైనా తడబడుతుంది.

ఈ పద్ధతిని నాలుగు వారాలు నడపండి. కోపం రాని వారం కోసం ఎదురుచూడకండి. దెబ్బలు తగ్గాయా, లేచి వెళ్లడం గుర్తొస్తోందా, గొడవ తర్వాత మళ్లీ మామూలుగా మాట్లాడుకోవడానికి పట్టే సమయం తగ్గుతోందా, ఇవి పుస్తకంలో చూసుకోండి. తగ్గకపోయినా, నిద్ర పట్టకపోయినా, రోజంతా చిరాకూ నిస్సత్తువగా ఉన్నా ముందు డాక్టరు దగ్గర థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించుకోండి. కుంగుబాటు కూడా కొందరిలో ఏడుపుగా కాకుండా చిరాకుగా బయటపడుతుంటుంది. చెయ్యి ఎత్తాక ఆపలేకపోతున్నా, ఒంటి మీద వాతలు మళ్లీ తేలుతున్నా, బాబు పాపను అదే తీరున కొట్టడం మొదలుపెట్టినా, మీకే ఏదైనా చేసుకోవాలనిపించినా నాలుగు వారాలు ఆగకండి. ప్రభుత్వ టెలీ మానస్ నంబర్ 14416కు ఫోన్ చేయండి. డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు. పిల్లలు పడుకున్నాక, మీరు ఏడుస్తూ కూర్చునే వేళకు కూడా అది పనిచేస్తుంది.